కడిగావా చిన్నీ, కడిగావా?

మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకి చేతులు కడుక్కోవడం గురించి చెప్పే నిద్రవేళ కథ రెండు పనులు చేయాలి. ఎందుకు కడగాలో పిల్లకి తట్టాలి, ఎలా కడగాలో నోటికి రావాలి. మొదటిది కష్టం. క్రిమి కంటికి కనపడదు, చేతులు చూస్తే శుభ్రంగానే ఉంటాయి, రోగం వచ్చేది ఎప్పుడో రెండు రోజుల తర్వాత. ఆ లంకె ఆ వయసుకి అందదు. రెండోది మాత్రం, ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే కథకి సులువైన పని.

తెలుగు ఇళ్లలో ఈ పద్ధతి కొత్తది కాదు. ఏడు చేపల కథలో ఒకే తీరు ప్రశ్న చేప దగ్గర మొదలై చీమ దాకా నడుస్తుంది. రెండో ప్రశ్నకే పిల్లకి వరస తెలిసిపోతుంది, మూడోదానికి తనే అందుకుంటుంది. చెప్పిన కథే మళ్లీ చెప్పమని పిల్లలు పేచీ పెట్టడంలోనూ మేలుంది. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వేర్వేరు కథలు విన్న మూడేళ్ల పిల్లల కంటే ఒకే కథ పదేపదే విన్నవాళ్లు కొత్త మాటలు బాగా నేర్చుకున్నారు.

ఆ తీరులో కట్టిన చిన్న కథ ఇది.

చిన్ని పొద్దంతా ఆడింది. మట్టితో గూడు కట్టింది. మేకపిల్లని నిమిరింది. ముక్కులో వేలు పెట్టుకుంది. చీకటి పడింది. అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపింది. చిన్ని ముద్ద తీసి నోటి దాకా తెచ్చింది.

“కడిగావా చిన్నీ, కడిగావా?” అంది ముద్ద.

“ఓ, గౌనుకి తుడిచేశానుగా!”

“అయ్యో! మట్టిలోవాళ్లు ఉన్నారు, మేకపిల్ల మీదివాళ్లు ఉన్నారు, ముక్కులోవాళ్లు ఉన్నారు. అంతమందితో నేను పొట్టలోకి పోను” అని ముద్ద టప్పున కంచంలోకి దూకింది.

చిన్ని కుళాయి కింద చెయ్యి పెట్టి తీసింది. మళ్లీ ముద్ద ఎత్తింది.

“కడిగావా చిన్నీ, కడిగావా?”

“ఓ, నీళ్లతో తడిపానుగా!”

“అయ్యో! మట్టిలోవాళ్లు పోయారు. మేకపిల్ల మీదివాళ్లు ఉన్నారు, ముక్కులోవాళ్లు ఉన్నారు. అంతమందితో నేను పొట్టలోకి పోను.” టప్!

చిన్ని సబ్బు ఇలా ముట్టుకుని అలా కడిగేసింది.

“కడిగావా చిన్నీ, కడిగావా?”

“ఓ, సబ్బు పెట్టానుగా!”

“అయ్యో! మేకపిల్ల మీదివాళ్లూ పోయారు. ముక్కులోవాళ్లు గోళ్ల కింద దాక్కున్నారు. వాళ్లతో నేను పొట్టలోకి పోను.” టప్!

ఈసారి అమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ చేతులు తడిపారు, సబ్బు పట్టారు. “అరచెయ్యి రుద్దు, పైచెయ్యి రుద్దు, వేళ్ల సందు రుద్దు, గోళ్ల కింద రుద్దు.” ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. జలజలా నీళ్లు పోశారు. ఉతికిన తువ్వాలుతో తుడుచుకున్నారు.

“కడిగావా చిన్నీ, కడిగావా?”

“కడిగాను!”

“అయితే నేనొక్కదాన్నే వస్తా” అని ముద్ద జుయ్యిమని పొట్టలోకి జారింది. పొట్ట నిండింది. చిన్ని బజ్జుంది.

ఈ కథలో చిన్ని చేసిన మూడు తప్పులూ ఇళ్లలో రోజూ జరిగేవే. గౌనుకి తుడిస్తే కనిపించే మట్టి పోతుంది, క్రిములు చేతికీ గుడ్డకీ కూడా మిగులుతాయి. వట్టి నీళ్లు కొంత కడుగుతాయి కానీ చర్మం మీది నూనెకి అంటుకున్న మురికిని పూర్తిగా వదిలించలేవు. సబ్బు అణువు ఒక కొస నూనెని, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. అందుకే రుద్దినప్పుడు మురికి లేచి నీటితో పాటు పోతుంది. కరోనా లాంటి కొవ్వుపొర ఉన్న వైరస్‌లనయితే సబ్బు చీల్చేస్తుంది. పిల్లలకి నీళ్ల విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి ఆ పొర లేదు. దాన్ని రుద్ది, కడిగి వదిలించుకోవాల్సిందే. మట్టిలోంచి వచ్చే ఏలికపాము గుడ్లకి జిగురెక్కువ, గోళ్ల కింద చేరితే పట్టుకుని కూర్చుంటాయి. కథలో ఆఖరివాళ్లు గోళ్ల కింద దాక్కున్నది అందుకే. ఒక్కో కడుగుకి ఒక్కో జట్టు పోవడం మాత్రం కథ కోసం చేసిన సర్దుబాటు. ఆ వయసుకి అంతకన్నా అక్కర్లేదు.

రుద్దే పల్లవిలో నీళ్ల మాట లేకపోవడానికీ కారణం ఉంది. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలని వైద్యులు చెబుతారు. ఆ పల్లవిని తీరిగ్గా అంటే ఏడు సెకన్ల దాకా పడుతుంది, మూడుసార్లకి లెక్క సరిపోతుంది. నీళ్లు పొయ్యడం కూడా పల్లవిలో చేరిస్తే పిల్ల ప్రతిసారీ సబ్బు కడిగేసుకుంటుంది. ఇంకో సంగతి, భోజనానికి ముందు కుడిచెయ్యి ఒక్కటే కుళాయి కింద పెట్టి విదిలించే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఒంటి చేత్తో వేళ్ల సందు రుద్దడం కుదరదు కాబట్టి, పల్లవి రెండు చేతుల్నీ కలుపుతుంది. అమ్మ పక్కనే కడుక్కోవడం కూడా ఊరికే పెట్టింది కాదు. ముద్దలు కలిపి పెట్టేది ఆమె చేతులే.

కథలో భూతం లేదు, ఇంజెక్షన్ లేదు, చిన్నిని ఎవరూ తిట్టలేదు. పడుకునే ముందు భయపెట్టే కథ చెబితే పిల్లకి గుర్తుండేది భయమే. క్రిముల పాఠం కన్నా మనసుకి తగిలే కథ ఎక్కువ పనిచేస్తుందనడానికి చిత్తూరు జిల్లాలోనే దాఖలా ఉంది. అక్కడి 14 పల్లెల్లో ‘సూపర్ అమ్మ’ పేరుతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. రోగాల గురించి ఉపన్యాసాలు ఇవ్వకుండా, తల్లి ప్రేమ మీద ఒక బొమ్మల సినిమా, మురికి చేతులతో లడ్లు చుట్టే లడ్డూ లింగం మీద హాస్య నాటిక చూపించారు. మొదట్లో, కడుక్కోవాల్సిన వేళల్లో సబ్బు వాడింది నూటికి ఒకటి రెండుసార్లే. ఆరు నెలల తర్వాత అది 37 శాతానికి చేరింది, ప్రచారం జరగని పల్లెల్లో 6 శాతం దగ్గరే ఉంది. అంత చేసినా సగానికి పైగా సందర్భాల్లో సబ్బు తగలలేదన్నదీ అదే లెక్క చెబుతుంది.

కథ ఎక్కిందో లేదో తెలుసుకోవడం తేలికే. నాలుగైదు రాత్రుల తర్వాత “కడిగావా చిన్నీ” దగ్గర ఆపితే మిగతాది పిల్ల పూర్తిచేయాలి. ముద్ద ఎందుకు దూకిందని అడిగితే “వాళ్లు కూడా ఎక్కుతారని” అనాలి. “అమ్మ కొడుతుందని” అంటే కథ దారి తప్పినట్టే, చెప్పే గొంతులో బెదిరింపు ఎక్కడ దూరిందో చూసుకోవాలి. ఇక కథ చెప్పేది పడుకునే ముందు, చేతులు కడగాల్సింది తినే ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక. ఆ రెండిటికీ ముడి పడేది మర్నాడు కంచం ముందు పెద్దవాళ్లు ముద్ద గొంతుతో అదే ప్రశ్న అడిగినప్పుడే. సబ్బు మూడడుగుల పిల్లకి అందని గూట్లో ఉంటే ఆ ప్రశ్నకి జవాబు గౌను దగ్గరే ఆగిపోతుంది. అందుకని కథ మొదలుపెట్టే రోజే కుళాయి దగ్గర ఒక పీట వేసి, సబ్బు కిందికి దించి పెట్టండి.