గ్యాస్ మాత్ర మింగిన కడుపులో ఇట్రాకొనజోల్

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ విప్పితే లోపల పొడి ఉండదు. గసగసాల కంటే కాస్త పెద్దవైన తెల్లని గుళికలు రాలతాయి. వాటి మధ్యలో ఉండేది చక్కెర పూస, దానిమీద పలచగా పూసింది మందు. ఈ మందు నీళ్లలో దాదాపు కరగదు. గట్టి ఆమ్లం తగిలితేనే కరుగుతుంది, కరిగితేనే పేగులోంచి రక్తంలోకి వెళుతుంది. కరగని గుళికలు మలంతో బయటికి పోతాయి.

తామరకు ఈ మందు వాడినవాళ్లు తెలుగునాట ఇంటింటా కనిపిస్తారు. పొద్దున్నే పరగడుపున పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటూ అంతే విరివి. చిక్కంతా ఈ రెండూ ఒకే కడుపులో కలిసినప్పుడే వస్తుంది. గ్యాస్ మాత్ర పని ఆమ్లాన్ని తగ్గించడం, క్యాప్సూల్‌కు కావలసింది ఆ ఆమ్లమే. ఒమెప్రజోల్ 40 మిల్లీగ్రాములు రోజూ ఇచ్చి చూసిన పరీక్షలో, రక్తంలోకి చేరిన ఇట్రాకొనజోల్ దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోయింది.

చర్మం మీది తామరైతే తగ్గనిది కంటికి కనిపిస్తుంది. లోపలి జబ్బుల్లో అలా కాదు. ఒక రోగిని ఊహించుకుందాం. యాభై అయిదేళ్ల రైతు, ఒకప్పుడు టీబీ వచ్చి నయమైంది. ఊపిరితిత్తిలో మిగిలిన గుల్లలో ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ చేరింది. దగ్గితే రక్తం పడుతోంది. డాక్టరు 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు క్యాప్సూళ్లు రాశారు. ఈ వైద్యం కనీసం ఆరు నెలలు సాగాలి. ఆయన ఉదయం ఆరింటికి పాంటోప్రజోల్‌తో పాటే వీటినీ నీళ్లతో మింగి పొలానికి వెళ్లిపోతాడు. ఒక్క పూట కూడా మానలేదు.

రెండు వారాలకు రక్తపరీక్ష చేస్తే మిల్లీలీటరుకు 0.2 మైక్రోగ్రాములు అని వచ్చింది. ఇలాంటి జబ్బుకు కనీసం 0.5 ఉండాలి, 1 దాటితే మరీ మంచిది. నాలుగు దాటితే మాత్రం కాళ్ల వాపు, వాంతులు, పొటాషియం పడిపోవడం లాంటి ఇబ్బందులు పెరుగుతాయి. రెండు వారాలు ఆగడానికి కారణముంది. ఈ మందు ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది, స్థాయి నిలకడకు రావడానికి అంత సమయం పడుతుంది. అలా నిలిచాక రోజులో హెచ్చుతగ్గులు తక్కువ. అయినా మళ్లీ పరీక్షించినప్పుడు అదే వేళకు, మాత్రకు ముందు రక్తం ఇస్తే పోల్చుకోవడం తేలిక.

ఇక్కడ మోతాదు పెంచడం తొందరపాటే అవుతుంది. ముందు అడగాల్సింది ఎప్పుడు మింగుతున్నారు, దేనితో మింగుతున్నారు అని. ఈ రైతుకు పాంటోప్రజోల్ నిజంగా అవసరమా అని డాక్టరు చూశారు, అవసరం లేదని ఆపించారు. క్యాప్సూళ్లు ఉదయం టిఫిన్ కడుపునిండా తిన్న వెంటనే, రాత్రి అన్నం తిన్న వెంటనే వేసుకోమన్నారు. భోజనం ఆమ్లాన్ని ఊరిస్తుంది, మందును కడుపులో కాసేపు నిలుపుతుంది. మరో రెండు వారాలకు స్థాయి 1.1కి చేరింది. మోతాదు పెంచలేదు, మందు మార్చలేదు.

గ్యాస్ మాత్ర ఆపలేని రోగులూ ఉంటారు. క్యాప్సూల్‌ను చక్కెర ఉన్న కోలాతో మింగిస్తే దాని పులుపే ఆమ్లం పని కొంత చేస్తుంది. డైట్ కోలా దానికి బదులు కాదు. మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఈ పని చేయకూడదు. ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరిచే యాంటాసిడ్ సిరప్ అయితే క్యాప్సూల్‌కు గంట ముందైనా, రెండు గంటల తర్వాతైనా తాగాలి.

ద్రవరూపంలో దొరికే ఇట్రాకొనజోల్ తీరే వేరు. అందులో మందు సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర జాతి పదార్థంలో ముందే కరిగి ఉంటుంది. ఆమ్లం అవసరం పెద్దగా లేదు, పైగా భోజనం అడ్డుపడుతుంది. అందుకని దాన్ని పరగడుపునే తాగాలి. క్యాప్సూల్ కంటే ఇది బాగా ఒంటబడుతుంది, కాకపోతే కొందరికి విరేచనాలవుతాయి. సూబా పేరుతో వచ్చే కొత్త తరహా క్యాప్సూళ్లు ఆమ్లం మీద అంతగా ఆధారపడవు. వాటిలో తక్కువ మిల్లీగ్రాములే చాలు. అందువల్ల ఒకటి దొరక్కపోతే అంకె చూసి మరొకటి ఇచ్చేయడం ప్రమాదం.

స్థాయి తగ్గడానికి కడుపొక్కటే కారణం కాదు. టీబీ మందు రిఫాంపిసిన్ కాలేయంలో ఇట్రాకొనజోల్‌ను అతివేగంగా విరిచేస్తుంది. అప్పుడు కోలా, భోజనం ఏవీ ఆదుకోలేవు, మందే మార్చాలి.

ఇట్రాకొనజోల్ రాయించుకోవడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే గ్యాస్ మాత్రల స్ట్రిప్పు కూడా జేబులో వేసుకుని వెళ్లండి, డాక్టరు అడగకపోయినా చూపించండి. గ్యాస్ మాత్రను సొంతంగా మానేయవద్దు. గుండె బలహీనత ఉంటే అది మొదటే చెప్పండి, అలాంటివాళ్లలో ఈ మందు గుండెను ఇంకా నీరసింపజేయవచ్చు.