హీత్రూ నుంచి హోటల్ గుమ్మం దాకా

లండన్‌లోని హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగగానే ఎక్కడ చూసినా హీత్రూ ఎక్స్‌ప్రెస్ ప్రకటనలే. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో నగరంలోకి చేరుస్తుంది, నిజమే. అయితే అది ఆగేది పాడింగ్టన్ స్టేషన్‌లో. నగర కేంద్రానికి అది పడమటి అంచు. అప్పటికప్పుడు కొంటే టికెట్ మనిషికి 25 పౌండ్ల దాకా అవుతుంది. హోటల్ పాడింగ్టన్‌కి నడిచేంత దూరంలో ఉంటే సరే. లేకపోతే అక్కడ దిగి, సామానుతో మళ్లీ ఇంకో బండి వెతుక్కోవాలి. రైల్లో మిగిలిన సమయం ఆ మార్పిడిలోనే పోతుంది.

అందుకే లెక్క ఎయిర్‌పోర్టు నుంచి కాకుండా హోటల్ గుమ్మం నుంచి వెనక్కి వేయాలి. దగ్గర్లో ఏ స్టేషన్ ఉంది, అక్కడ లిఫ్టు వీధి దాకా వస్తుందా, తర్వాత ఎంత నడవాలి?

హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతులనుకోండి. చెరో 23 కిలోల సూట్‌కేసు, చెరో చేతిసంచి. హోటల్ బ్రిటిష్ మ్యూజియం వెనక, రసెల్ స్క్వేర్ దగ్గర. మ్యాప్ చూస్తే పికడిల్లీ లైను మెట్రో సులువనిపిస్తుంది. చవక, ఎక్కడా మారకుండా గంటలోపో, కాస్త అటూఇటూగానో రసెల్ స్క్వేర్‌కే చేరుస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ స్టేషన్‌లో లిఫ్టున్నా మెట్లు తప్పవు. పైగా పెట్టెలకు చోటు తక్కువ, పొద్దున ఆఫీసు వేళ రద్దీ ఎక్కువ. ఒక్క చేతిసంచితో వచ్చినవాళ్లకైతే నేను ఈ మెట్రోనే చెబుతాను.

ఈ దంపతులకు మాత్రం 2022లో మొదలైన ఎలిజబెత్ లైను మేలు. పాడింగ్టన్ దాటి నేరుగా టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా సుమారు 40 నిమిషాల్లో వెళ్తుంది. ప్లాట్‌ఫారం నుంచి వీధి దాకా లిఫ్టుంది. ఛార్జీ ఎక్స్‌ప్రెస్ కన్నా బాగా తక్కువ. అక్కడినుంచి హోటల్‌కి చిన్న టాక్సీ ప్రయాణం చాలు. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే సరిపోతుంది, కానీ ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. మన కార్డులకు విదేశీ లావాదేవీలు బయల్దేరేముందే ఆన్ చేయించుకోవాలి. ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక బస్సు. కోచ్ విక్టోరియా కోచ్ స్టేషన్‌కి వెళ్తుంది. పెద్ద పెట్టెలు కింది డిక్కీలోకి పోతాయి, మోత బాధ లేదు. హోటల్ విక్టోరియా చుట్టుపక్కలుంటే బాగుంటుంది. ట్రాఫిక్‌ను బట్టి గంట దాటినా ఆశ్చర్యం లేదు.

నల్ల టాక్సీ మీటరు మీద నడుస్తుంది కాబట్టి జామ్‌లో ఆగినా ఛార్జీ పెరుగుతుంది. నగరం నడిబొడ్డుకి వంద పౌండ్లు దాటొచ్చు. నలుగురు, ఆరు పెట్టెలు, వెంట పెద్దవాళ్లుంటే మాత్రం తలా పాతిక పౌండ్ల ఎక్స్‌ప్రెస్ టికెట్ల మొత్తంతో ఇది ఇంచుమించు సమానమే. పైగా హోటల్ గుమ్మం దగ్గరే దించుతుంది. విమానం అర్ధరాత్రి తర్వాత దిగితే ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. ఆ వేళలో ఎక్స్‌ప్రెస్, ఎలిజబెత్ లైను రెండూ నడవవు.