దీపం దాచి వెలుగు పంచే కోవ్ లైటింగ్

కోవ్ లైటింగ్‌లో దీపం కంటికి కనిపించదు. ఫాల్స్ సీలింగ్ అంచున చిన్న గట్టు కట్టి, దాని వెనక ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను పరిచి, వెలుగును పైకప్పు మీదికి తోలుతారు. కప్పు నుంచి తిరిగి వచ్చిన వెలుగే గదిని నింపుతుంది. అంటే ఇక్కడ అసలు దీపం కప్పే. కప్పులోని ప్రతి ఎగుడుదిగుడూ, స్ట్రిప్‌లోని ప్రతి తెగిన చోటూ అందుకే పైకి తెలుస్తుంది. ఇలాంటి లోపాల్లో చాలావాటిని బోర్డు బిగించకముందే నివారించవచ్చు. రంగు వేసేశాక దిద్దాలంటే మళ్లీ విప్పదీయాల్సిందే.

ఉదాహరణకు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న ఒక హాలును తీసుకోవచ్చు. గోడల వెంబడి జిప్సం బోర్డుతో సీలింగ్ దించి, మధ్యలో స్లాబు కనిపించేలా ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చుట్టూ స్ట్రిప్ తిరిగే దారి 11 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. మొత్తం చుట్టుకొలత 40 అడుగులు, అంటే సుమారు 12.2 మీటర్లు. బోర్డు పైభాగం నుంచి స్లాబు దాకా 8 అంగుళాల ఎత్తు ఉంది. అంచున నిలబెట్టిన గట్టు ఎత్తు 3 అంగుళాలు. స్ట్రిప్ ఆ గట్టుకు 3 అంగుళాలు వెనకగా ఉంటుంది.

చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. స్ట్రిప్‌ను బోర్డు మీద నేరుగా అంటిస్తే గట్టు దాని వెలుగును అడ్డుకుంటుంది. 3 అంగుళాలు ముందుకు వెళ్లేసరికి 3 అంగుళాలు పైకి లేచిన కిరణమే గట్టు దాటగలదు. ఆ వాలులో అది 8 అంగుళాల ఎత్తున ఉన్న స్లాబును తాకేది స్ట్రిప్ నుంచి 8 అంగుళాల దూరంలోనే. అంతవరకు కప్పు తళతళలాడుతుంది, ఆపైన గీత గీసినట్టు చీకటి మొదలవుతుంది. అదే స్ట్రిప్ కింద చెక్క బద్ద పెట్టి, గట్టు పైఅంచుకు పావు అంగుళం దిగువ దాకా లేపితే కిరణం దాదాపు అడ్డంగా సాగి 63 అంగుళాల దూరం వరకు కప్పును తాకుతుంది. తొమ్మిది అడుగుల వెడల్పులో సగం 54 అంగుళాలే కాబట్టి వెలుగు నడిమధ్య దాకా చేరి, మెల్లగా పలచబడుతూ పోతుంది. లేపితే స్ట్రిప్ కంటపడుతుందన్న భయం అక్కర్లేదు. మనిషి కన్ను ఎప్పుడూ గట్టుకంటే కిందే ఉంటుంది. డూప్లెక్స్ ఇళ్లలో మెట్లమీంచి, పై అంతస్తు నుంచి చూస్తే మాత్రం కనిపించవచ్చు. అలాంటి చోట గట్టును కొంచెం పెంచి, చీకటి గీతతో కొంత సర్దుకోక తప్పదు.

మన ఇళ్లలో ఈ ఖాళీ మధ్యన తప్పనిసరిగా ఫ్యాను ఉంటుంది. దాని రెక్కలు గట్టుకంటే పైన తిరిగితే కోవ్ వెలుగును కోస్తూ కప్పంతా నీడలను పరిగెత్తిస్తాయి. తగినంత పొడవున్న రాడ్డు వేసి, రెక్కలను గట్టు మట్టానికి దిగువకు దించితే ఈ బాధ ఉండదు.

స్ట్రిప్‌ను కూర్చోబెట్టే అల్యూమినియం చానెల్‌నే దుకాణాల్లో ప్రొఫైల్ అంటారు. ఎలాగూ కనిపించదు కదా అని కోవ్‌లో దాన్ని మానేసేవారు ఎక్కువ. కానీ స్ట్రిప్ వెనకుండే జిగురు దుమ్ము పట్టిన జిప్సం మీద నిలవదు. వేసవి వేడికి ఊడి, కొన్నాళ్లకు అక్కడక్కడా పాములా వంకర తిరుగుతుంది. అలా వంగిన చోట కప్పు మీద వెలుగు కూడా వంకరవుతుంది. ప్రొఫైల్ స్ట్రిప్‌ను తిన్నగా పట్టి ఉంచుతుంది, దాని వేడిని లాగేస్తుంది. వేడి తగ్గితే ఎల్‌ఈడీలు ఎక్కువ కాలం మన్నుతాయి. మామూలు యు ఆకారం వెలుగును నేరుగా పైకి కొడుతుంది. 45 డిగ్రీల వాలు ఉన్న మూల ప్రొఫైల్ గది మధ్యకు తోలుతుంది కాబట్టి లోతు తక్కువగా ఉన్న కోవ్‌లకు అదే మేలు. పాల రంగు మూత వేస్తే కొంత వెలుగు పోతుంది. దీపం కనిపించని చోట దాని అవసరం తక్కువ, దుమ్ము తుడవడానికి మాత్రం వీలుగా ఉంటుంది.

బోర్డులోనే గీతలా పొదిగి నేరుగా కంటికి కనిపించే ప్రొఫైల్ లైట్ల సంగతి వేరు. అక్కడ మూత తప్పనిసరి, అతుకులను దాచడమే అసలు పనితనం. పాలికార్బొనేట్ మూత వేడికి అల్యూమినియం కంటే దాదాపు మూడింతలు సాగుతుంది. 30 డిగ్రీల తేడా వస్తే 2 మీటర్ల మూత సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అల్యూమినియం ఒకటిన్నర మిల్లీమీటరు దాటదు. చల్లటి వేళ బిగుతుగా కోసి పెట్టిన మూత ఎండాకాలం ఉబ్బి లేస్తుంది. వేడిలో కోసిన మూతల మధ్య చలికాలంలో సందు తెరుచుకుని, తెల్లటి గీతలా మెరుస్తుంది. చుట్టగా దొరికే ఒకే పొడవాటి మూత వాడితే అతుకే ఉండదు. ముక్కలే వాడాల్సి వస్తే ప్రొఫైల్ అతుకూ మూత అతుకూ ఒకే చోట పడకుండా చూడాలి. స్ట్రిప్ మాత్రం ఆ అతుకుల మీదుగా తెగకుండా సాగాలి.

స్ట్రిప్‌ను ఎక్కడపడితే అక్కడ కోయడానికి వీల్లేదు. కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి. మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న 24 వోల్టుల స్ట్రిప్‌లో ఆ గుర్తులు సాధారణంగా 10 సెంటీమీటర్లకు ఒకటి, 120 ఎల్‌ఈడీలున్న దానిలో 5 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి. పై హాలులో 11 అడుగుల వైపు 3.35 మీటర్లు. మొదటి రకంలో 3.3 మీటర్ల దగ్గరే ఆగాలి, 5 సెంటీమీటర్ల కొరత పడుతుంది. ఆ కొరతనంతా ఒక మూలకే వదిలేస్తే అక్కడ నల్లటి మరక తేలుతుంది. రెండు చివరలకూ సగం సగం పంచితే తెలియదు. రెండో రకమైతే సరిగ్గా సరిపోతుంది. స్ట్రిప్ పక్కకు వంగదు కాబట్టి మూలలో మడవకుండా కోసి, రెండు ముక్కలనూ చిన్న వైరుతో కలపాలి.

సాధారణంగా స్ట్రిప్ 5 మీటర్ల చుట్టల్లో వస్తుంది. మూడు చుట్టలు కొంటే 15 మీటర్లు, కొలత ప్రకారం చాలినట్టే. కానీ అప్పుడు అతుకులు గోడ మధ్యలో పడతాయి. నాలుగు చుట్టలు కొని ఒక్కో వైపుకు ఒక్కో ముక్క వాడితే అతుకులన్నీ మూలలకే పరిమితమవుతాయి. మధ్యలో అతకక తప్పకపోతే రెండు కొసలనూ ఆనించి, రాగి బిళ్లల మీద టంకం పెట్టాలి. అప్పుడు ఎల్‌ఈడీల మధ్య దూరం మారదు, కప్పు మీద ఏమీ కనిపించదు. నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు పని త్వరగా తెముల్తుందని వాడతారు గానీ వేడికి పట్టు సడలిపోతుంది. కొన్ని నెలలకు ఒక వైపంతా మినుకుమినుకుమంటే ముందుగా అనుమానించాల్సింది ఆ క్లిప్పునే.

ఇంటి కరెంటు 230 వోల్టులను స్ట్రిప్‌కు కావలసిన 24 వోల్టులకు మార్చేది డ్రైవరు. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ అనుకుంటే ఈ హాలుకు 122 వాట్లు. డ్రైవరును దాని శక్తిలో 80 శాతం దగ్గర నడపడం మంచి అలవాటు, అందుకే 150 వాట్లది తీసుకోవాలి. 24 వోల్టుల దగ్గర కరెంటు సుమారు 5 ఆంపియర్లు. అదే 12 వోల్టుల స్ట్రిప్ అయితే 10 ఆంపియర్లు, వైర్లలో వోల్టేజీ నష్టం కూడా ఆ మేరకు పెరుగుతుంది. పన్నెండు మీటర్లనూ ఒకే కొస నుంచి వెలిగిస్తే మొదట్లో తెల్లగా, చివర్లో నీరసంగా ఉంటుంది. ఎదురెదురు మూలల్లో రెండు చోట్ల కరెంటు ఇచ్చి, ప్రతి మూల నుంచి రెండు వైపులకూ పంచితే ఏ పరుగూ 3.35 మీటర్లు దాటదు.

దూరపు మూలకు వెళ్లే వైరు మందం కూడా ముఖ్యమే. ఆరు మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు లాగితే రెండున్నర ఆంపియర్లకే 1.2 వోల్టుల దాకా పోతాయి, హాలులో సగం రెండో సగం కంటే మసకగా కనిపించవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది అర వోల్టు లోపే.

ముందుగా పాడయ్యేది చాలాసార్లు స్ట్రిప్ కాదు, డ్రైవరే. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారుగా సగమవుతుందని లెక్క. సీలింగ్ పైన గాలి ఆడని చోట పెట్టి బోర్డు మూసేస్తే, మార్చాల్సిన రోజున సీలింగే కోయాలి. చేయి పట్టేంత తలుపున్న చోటో, అటక మీదో పెట్టడం మేలు. వెలుగు తగ్గించుకునే ఏర్పాటు కావాలంటే దానికి తగిన డ్రైవరునే కొనాలి. మామూలు డ్రైవరుకు ఫ్యాను రెగ్యులేటరు తగిలిస్తే మినుకుమినుకులాడి చివరికి చెడిపోతుంది.

రంగు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు. 3000 కెల్విన్ల వార్మ్ వైట్ పసుపు ఛాయలో, 4000 మధ్యస్థంగా, 6500 నీలి తెలుపులో ఉంటాయి. ట్యూబులైటు వెలుగుకు అలవాటుపడ్డ ఇళ్లలో వార్మ్ వైట్ మసకగా ఉందనిపించడం సహజం. కానీ కోవ్ వెలుగు చదువుకోవడానికో, కూరలు తరగడానికో కాదు. ఆ పనులకు వేరే దీపాలుంటాయి. సాయంత్రం కూర్చునే హాలుకు, పడకగదికి 3000 నప్పుతుంది. టేకు తలుపులు, ఇత్తడి సామాను దాని కింద నిండుగా కనిపిస్తాయి. వంటగదికి 4000 బాగుంటుంది. కప్పు రంగును కూడా కలిపి ఆలోచించాలి. నీలి ఛాయ ఉన్న తెలుపు వార్మ్ వెలుగులో మురికిగా కనిపిస్తుంది, మీగడ రంగు కూల్ వెలుగులో పాలిపోతుంది. ఒకే గదిలో కోవ్ 3000, డౌన్‌లైట్లు 6500 పెడితే రెండూ కలిసి వెలిగినప్పుడు ఏదీ సరైన రంగుగా కనిపించదు.

ఇక కప్పు సంగతి. కోవ్ వెలుగు కప్పును రాసుకుంటూ పోతుంది కాబట్టి పట్టపగలు కనిపించని లప్పం గీతలు, అలలు, బోర్డు అతుకులు రాత్రి పొడుగాటి నీడలై తేలతాయి. కప్పు జిప్సం బోర్డుదైతే అతుకుల్లో కాగితపు టేపు వేసి, లప్పాన్ని ఒక పూత కంటే మరో పూత వెడల్పుగా మూడుసార్లు లాగి, చివర కప్పంతటికీ పలచని పూత ఇవ్వాలి. రంగు వేయకముందే స్ట్రిప్‌ను తాత్కాలికంగా వెలిగించి చూడటం తేలికైన పరీక్ష. నీడ పడిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, లప్పం దిద్ది, ఎమెరీ కాగితంతో రుద్దాలి. రంగు మెరుపు లేని మ్యాట్ రకమే కావాలి. మెరిసే రంగులో ఎల్‌ఈడీ చుక్కలు ఒక్కొక్కటిగా ప్రతిబింబిస్తాయి. స్ట్రిప్ కప్పుకు మరీ దగ్గరగా ఉన్నా ఈ చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు ఎల్‌ఈడీలు ఒత్తుగా ఉండే సీఓబీ స్ట్రిప్ వాడుకోవాలి.

ఒకే 3000 కెల్విన్ల ముద్ర ఉన్నా, వేర్వేరు తయారీ విడతల చుట్టల మధ్య లేత తేడా ఉంటుంది. పక్కపక్క గోడల మీద ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది. నాలుగు చుట్టలూ ఒకే బ్యాచ్ నంబరువి కొనాలి. ఈ హాలులో నాలుగు వైపులూ కోశాక ఒకటిన్నర, రెండు మీటర్ల ముక్కలు మిగులుతాయి. రేపు ఎక్కడైనా ఒక ముక్క ఆరిపోతే దానికి సరిగ్గా జత కుదిరేది అవే కాబట్టి, వాటిని డ్రైవరు పక్కనే భద్రపరచాలి.