నాలుగు ఫ్రేములు ఐదైతే...

పాత అమెరికన్ సీరియల్ డీవీడీ వేసి, కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్ చూడండి. వెనక ఉన్న భవనాలు సాఫీగా జరగవు. చిన్నగా ఆగుతూ, కదులుతూ పోతాయి. తప్పు కెమెరామన్‌ది కాదు, ఫిల్మును వీడియోలోకి ఎక్కించే టెలిసినీలో వేసిన లెక్కది.

సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. అమెరికా పాత టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 30. పైగా అక్కడ ఒక్కో వీడియో ఫ్రేము రెండు ఫీల్డులుగా వస్తుంది: ఒకదాంట్లో బేసి గీతలు, రెండోదాంట్లో సరి గీతలు. అంటే 4 ఫిల్ము ఫ్రేములతో 10 ఫీల్డులు నింపాలి. అందుకని మొదటి ఫ్రేమును 2 ఫీల్డులకు, రెండోదాన్ని 3కి, మళ్లీ 2కి, 3కి పంచారు. దీన్నే పుల్‌డౌన్ అంటారు. థియేటర్లో అన్నీ సమానంగా నిలిచే ఫ్రేముల్లో ఇక్కడ ఒకటి సెకనులో 30వ వంతు, తర్వాతిది 20వ వంతు నిలుస్తుంది. కుదుపు అక్కడిదే.

మన దేశంలో పాత టీవీ పద్ధతి పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు. ఇక్కడ ఫిల్మును 4 శాతం వేగంగా తిప్పితే సరిపోయింది. కుదుపు లేదు, సినిమా నిడివి మాత్రం కాస్త తగ్గింది.

పుల్‌డౌన్‌ను గుర్తుపట్టడం తేలిక. కదలిక ఉన్న చోట వీడియోను ఆపి, ఒక్కో ఫ్రేమే ముందుకు జరపాలి. మూడు ఫ్రేములు శుభ్రంగా ఉండి, రెండింట్లో అంచులు దువ్వెన పళ్లలా చీలి, మళ్లీ అదే వరస వస్తే అది పుల్‌డౌనే. ఫిల్ము ఫ్రేములను క, ఖ, గ, ఘ అనుకుందాం. మూడో వీడియో ఫ్రేములో ఖ, గ కలిసిపోతాయి. నాలుగోదాంట్లో గ, ఘ. మూడోదాని సరి గీతలకు నాలుగోదాని బేసి గీతలు జతచేస్తే గ మొత్తం దొరుకుతుంది. మిగతా మూడూ ఎలాగూ శుభ్రంగానే ఉన్నాయి. ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఈ పని చేస్తుంది:

```
ffmpeg -i in.vob -vf "fieldmatch,yadif=deint=interlaced,decimate" out.mkv
```

మొదటి ఫిల్టరు జతలు కలుపుతుంది, రెండోది జత దొరకనివాటిని సర్దుతుంది, మూడోది ప్రతి ఐదింట్లో అదనంగా మిగిలినదాన్ని తీసేస్తుంది. జత కలపకుండా డీఇంటర్‌లేస్ మాత్రమే చేస్తే బొమ్మ మసకబారుతుంది, కుదుపూ పోదు.

చిక్కల్లా వీడియో టేపు మీద ఎడిట్ చేసినవాటితోనే. టేపు మీద కట్ ఎక్కడైనా పడొచ్చు. అక్కడ వరస తెగి, ఒక్కోసారి జత లేని ఫీల్డు మిగులుతుంది. ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ను 35 ఎంఎం ఫిల్ము మీద తీసి, ఎడిటింగ్, గ్రాఫిక్స్ టేపు మీద చేశారు. 2012లో బ్లూరే మొదలైనప్పుడు ఆ టేపులను పక్కనపెట్టి, అసలు నెగెటివ్‌లను మళ్లీ స్కాన్ చేసి, ఎపిసోడ్లను కొత్తగా ఎడిట్ చేయాల్సి వచ్చింది.

మీ దగ్గర టేపు ఒక్కటే ఉంటే, డిజిటల్‌లోకి మార్చేటప్పుడు డీఇంటర్‌లేస్ చేయనివ్వకండి, సైజూ మార్చనివ్వకండి. ఫీల్డులు ఒకసారి కలిసిపోతే తర్వాత విడదీయలేరు.