పాత బొబ్బర్లు ఎందుకు ఉడకవు?

మెదక్ ప్రాంతంలో జొన్నతోపాటు అంతరపంటగా వేసిన బొబ్బర్లు వానాకాలం చివర ఇంటికి చేరుతాయి. ఆ కొత్త గింజలను రాత్రి నానబెట్టి ఉదయం మూత పెట్టి ఉడికిస్తే, సుమారు ముప్పావు గంటలో గుడాలకు తగినంత మెత్తబడతాయి. అవే గింజలు మరుసటి సంవత్సరం దసరా నాటికి రెండు గంటలు ఉడికించినా పంటికింద పలుకుగా తగులుతాయి. ఈ తేడాను రైతులు విత్తనానికో నేలకో ఆపాదిస్తారు. క్షేత్ర సందర్శనకు వెళ్లిన విస్తరణ సిబ్బంది కూడా అదే మాటను 'ఈ రకం ఉడకదు' అని నమోదు చేసుకొని వస్తారు. రకం మీద ఇటువంటి తీర్పు చెప్పే ముందు ఆ గింజ ఎంతకాలం, ఎక్కడ నిలువ ఉన్నదో అడగవలసి ఉంది.

ఉడకని గింజలు రెండు విధాలు. మొదటి విధం గింజ అసలు నీరు పీల్చదు. బాగా పొడిగా ఉన్న గాలిలో అతిగా ఎండినప్పుడు బీజకవచం నీటిని లోపలికి రానివ్వని స్థితికి చేరుతుంది. రెండవ విధం గింజ నీరు పీల్చి ఉబ్బుతుంది, కాని ఎంత ఉడికించినా బీజదళాలు మెత్తబడవు. మన ఇళ్లలో ఎక్కువ చిక్కు తెచ్చేది ఈ రెండవదే.

దీనికి కారణం గింజ కణాల మధ్యనే ఉంది. పక్కపక్క కణాలను అంటిపెట్టి ఉంచే మధ్య పటలికలో పెక్టిన్ ప్రధాన పదార్థం. మామూలు గింజను ఉడికించినప్పుడు పెక్టిన్ కరిగి కణాలు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి. మనం మెత్తదనం అనేది దీనినే. గింజలో భాస్వరాన్ని దాచి ఉంచే ఫైటిన్ కాల్షియం, మెగ్నీషియంలను కూడా పట్టి ఉంచుతుంది. వెచ్చదనం, తేమ కలిసిన నిలువలో ఫైటేజ్ అనే ఎంజైము ఫైటిన్‌ను విడగొడుతుంది. విడుదలైన కాల్షియం మధ్య పటలికను చేరి పెక్టిన్‌తో కలిసి కరగని బంధాలను ఏర్పరుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త మాట్సన్ 1946లో బఠాణీలపై చేసిన పనిలో ఈ భావనకు పునాది వేశారు. ఫినాలిక్ పదార్థాలు కణకవచానికి అతుక్కోవడం కూడా గట్టిదనాన్ని పెంచుతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. ఒకసారి ఇలా మారిన గింజ తిరిగి ఎండబెట్టినా పూర్వస్థితికి రాదు.

మే నెల ఎండలను అందరూ తప్పుపడతారు గాని, అప్పుడు గాలి పొడిగా ఉంటుంది; గింజలోని ఎంజైములు పనిచేయడానికి తగిన తేమ ఉండదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వేడి తగ్గినా తేమ పెరుగుతుంది. గోనెసంచిలోని గింజ ఆ తేమను పీల్చుకుంటుంది. అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. బూడిద, వేపాకు కలిపి ఉంచితే పుచ్చు పురుగు తగ్గవచ్చు, కాని గింజ గట్టిపడటం ఆగదు. అందువల్ల పుచ్చు లేని శుభ్రమైన గింజ కూడా ఉడకకపోవచ్చు. వేసవిలోనే గింజను పది శాతం లోపు తేమకు ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని డబ్బాలో మూసి ఉంచడమే దీనికి నివారణ.

ఏ విధమైన లోపమో తేల్చడం సులభం. వంద గింజలు లెక్కించి ముప్పావు లీటరు నీటిలో పన్నెండు గంటలు నానబెట్టాలి. ఉబ్బని గింజలను వేరు చేసి లెక్కించాలి. ఇరవై మిగిలితే ఇరవై శాతం మొదటి విధానికి చెందినవి. ఉబ్బిన ఎనభై గింజలను మాత్రమే సన్నని సెగపై ఉడికిస్తూ, ముప్పావు గంట తరువాత ప్రతి పది నిమిషాలకు కొన్ని తీసి వేళ్ల మధ్య నలపాలి. నలిగినప్పుడు మధ్యలో సుద్దముక్కలాంటి పలుకు మిగిలితే అది రెండవ విధం. ప్రెషర్ కుక్కర్ ఇక్కడ మోసం చేయగలదు: తోలు పగిలి గింజ ఉడికినట్టే కనిపిస్తుంది, లోపల పలుకు అలాగే ఉంటుంది.

ఉన్న పాత గింజను పారవేయనక్కరలేదు. లీటరు నీటికి అర చెంచా వంట సోడా, రెండు చెంచాల ఉప్పు కలిపి రాత్రంతా నానబెడితే, సోడియం కొంత కాల్షియాన్ని తొలగించి పెక్టిన్ కరగడానికి తోడ్పడుతుంది. ఆ నీరు పారబోసి, గింజను కడిగి, మంచినీటిలో ఉడికించాలి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, థయమిన్ కూడా నశిస్తుంది. కఠినమైన బోరు నీరు తనతో కాల్షియాన్ని తెచ్చి పని చెడగొడుతుంది. దానిని ముందు మరగించి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట వాడితే కొంత మేలు. చింతపండు పులుసు, టమాటా గింజ మెత్తబడ్డాకనే వేయాలి, ఎందుకంటే పులుపులో పెక్టిన్ త్వరగా కరగదు.

రకాల ఉడుకు గుణాన్ని పోల్చే విద్యార్థులు ఒకే సీజనులో కోసి, ఒకే చోట నిలువచేసిన గింజలనే తీసుకోవాలి. నానబెట్టడానికీ, ఉడికించడానికీ స్వేదన జలాన్నే వాడాలి. ఫలితాల పట్టికలో కోత నెల, గింజలోని తేమ శాతం పక్కపక్కనే నమోదు చేయాలి.