త్రిభుజం ఎలా కదిలింది?

గ్రాఫు కాగితం మీద A(1, 1), B(4, 1), C(4, 3) అని మూడు చుక్కలు పెట్టి కలిపితే చిన్న లంబకోణ త్రిభుజం వస్తుంది. ఆకారమూ కొలతలూ మారకుండా ఎవరో దాన్ని కదిపారనుకుందాం. ఇప్పుడు A (−1, 1) దగ్గరకు చేరింది. త్రిభుజం పక్కకు జరిగిందా, అద్దంలో బొమ్మలా తిరగబడిందా, గుండ్రంగా తిరిగిందా?

ఒక్క Aను చూసి చెప్పలేం. మూడింటికీ అవకాశం ఉంది.

B (2, 1)కీ, C (2, 3)కీ వచ్చి ఉంటే అది జరపడమే. పాఠ్యపుస్తకాల మాటల్లో స్థానాంతరణం. ప్రతి బిందువూ రెండు గడులు ఎడమకు వచ్చింది, పైకీ కిందికీ కదల్లేదు. ఎటు, ఎన్ని గడులు అన్నది చెబితే చాలు.

B (−4, 1)కీ, C (−4, 3)కీ చేరితే అది పరావర్తనం. ఇక్కడ అద్దం ఎక్కడుందో చెప్పాలి: Y-అక్షం. ఆ గీతకు B కుడివైపు నాలుగు గడుల దూరంలో ఉండేది, ఇప్పుడు ఎడమవైపు అంతే దూరంలో ఉంది. అదే అద్దాన్ని x = 1 గీత మీద పెడితే A కదలనే కదలదు, B మాత్రం (−2, 1)కి వెళ్తుంది.

మూడోది భ్రమణం. B (−1, 4)కీ, C (−3, 4)కీ వస్తాయి. పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ‘90 డిగ్రీలు తిప్పాం’ అని రాసి ఊరుకుంటారు. ఎటు తిప్పారు? గడియారం ముల్లుకు ఎదురుగా, అంటే అపసవ్య దిశలో. దేని చుట్టూ? మూలబిందువు (0, 0) చుట్టూ. కేంద్రాన్ని (2, 0)కి మార్చి అంతే తిప్పితే త్రిభుజం వాలు అదే ఉంటుంది కానీ A (1, −1)లో తేలుతుంది. సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిప్పినప్పుడు మాత్రం దిశ చెప్పనక్కర్లేదు, ఎటు తిప్పినా ఒకటే.

పరావర్తనమో భ్రమణమో తేల్చుకోవడానికి A, B, C వరసలో వేలు నడిపి చూడాలి. మొదటి త్రిభుజంలో వేలు అపసవ్యంగా తిరుగుతుంది. తిప్పినా జరిపినా ఆ వరస చెడదు. పరావర్తనంలో మాత్రం సవ్యంగా మారిపోతుంది. పల్చని ట్రేసింగు కాగితం మీద త్రిభుజాన్ని గీసుకుంటే తేడా చేతికే తెలుస్తుంది: తిప్పడానికి, జరపడానికి కాగితం బల్ల మీద ఆనించి ఉంచితే చాలు, పరావర్తనానికి దాన్ని బోర్లించక తప్పదు.

భ్రమణమని తేలాక కేంద్రం కనిపించకపోతే Aని దాని కొత్త చోటుతో, Bని దాని కొత్త చోటుతో కలిపి, రెండు గీతలకూ లంబ సమద్విఖండన రేఖలు గీయాలి. మన త్రిభుజంలో మొదటిది Y-అక్షమే. రెండోది (1.5, 2.5) గుండా ఏటవాలుగా దిగి, సరిగ్గా (0, 0) దగ్గర దాన్ని కలుస్తుంది. కాగితాన్ని అక్కడ పెన్సిల్ మొనతో నొక్కిపట్టి పావు చుట్టు అపసవ్యంగా తిప్పితే మూడు మూలలూ కొత్త చుక్కల మీద కూర్చుంటాయి.