చెమటా వణుకూ: షుగర్ పడిపోయిందా, గుబులా?

ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే మన ఊళ్లలో రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ఆ మనిషికి షుగర్ ఉంటే ‘షుగర్ డౌన్ అయింది’, లేకపోతే ‘ఏదో గుబులు పెట్టుకుంది’. రెండూ తప్పయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే ఆ దడనూ వణుకునూ పుట్టించేది నేరుగా చక్కెర కొరత కాదు. రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కిందికి జారుతుంటే, మెదడుకు తిండి తప్పకుండా శరీరం అడ్రినలిన్‌ను వదులుతుంది. కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తెప్పించడం దాని పని, దడా వణుకూ దాని వెంట వచ్చేవి. పాము కనబడినా, కారణం లేకుండా భయం ముంచుకొచ్చినా రంగంలోకి దిగేది ఆ అడ్రినలినే. కాబట్టి ఏది ఏదో అనుభవిస్తున్న మనిషి కూడా చెప్పలేదు. తేల్చేది గ్లూకోమీటర్, అదీ చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక. బెల్లం అంటిన వేలితో చూస్తే పడిపోయిన షుగర్ కూడా బాగున్నట్టే కనబడుతుంది.

షుగర్ బిళ్లలన్నీ ఒకటే అనుకోవడం ఇంకో అపోహ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. ముదిగొండ వైపు మిర్చి ఏరే రోజుల్లో ఇలాంటి బిళ్ల వాడే కూలీ ఒకామెను ఊహించండి. పొద్దున్నే టీతో బిళ్ల మింగి, సద్ది గిన్నె పట్టుకుని తోటకు పోతుంది. ముద్ద నోట్లో పడేసరికి పదకొండు దాటుతుంది. ఈలోపు పని చేసే కండరాలు చక్కెరను లాగేస్తుంటాయి, బిళ్ల తన పని తాను చేస్తూనే ఉంటుంది. పదింటికి చెమట పడుతుంది. ఎండలో చెమట ఎవరికి పట్టదు గనుక? ఎవరూ పట్టించుకోరు. తర్వాత వేళ్లు వణికి కాయ తెంపడం కుదరదు. 54 కిందికి పోయేసరికి మెదడుకే చక్కెర చాలక మాట తడబడుతుంది, అడిగిందానికి పొంతన లేని జవాబు వస్తుంది, ఊరికే కసురుకుంటుంది. గాలి సోకిందనేవాళ్లు బయల్దేరేది అప్పుడే. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నిండు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. ‘షుగర్ మనిషికి పంచదారా?’ అని ఆగకూడదు. పావుగంట తర్వాత మళ్లీ చూసి, 70 దాటకపోతే ఇంకోసారి ఇచ్చి, తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ బిళ్లల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇంకా ఎక్కువ. పొద్దున లేచి కూర్చున్న మనిషి సాయంత్రం మళ్లీ పడిపోవచ్చు. అందుకే స్పృహ తప్పినవారికి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి ఇంటికి పంపేయడం ప్రమాదం.

ఇక షుగర్ లేనివారి సంగతి. ‘దడ వచ్చినప్పుడు బెల్లం ముక్క తింటే తగ్గింది, అంటే షుగర్ పడిపోయినట్టే కదా?’ అన్నది గట్టి వాదనే. కానీ భయం దాడి కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఏమీ తినకపోయినా దానంతటదే దిగిపోతుంది. దిగే వేళకు నోట్లో ఉన్నందుకు బెల్లానికి పేరొస్తుంది. 1938లో అమెరికన్ సర్జన్ అలెన్ విపుల్ పెట్టిన కొలమానాన్ని డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు: లక్షణాలు ఉండాలి, అదే సమయంలో పరీక్షిస్తే గ్లూకోజ్ తక్కువ తేలాలి, గ్లూకోజ్ పెరగగానే లక్షణాలు పోవాలి. షుగర్ లేనివారిలో ‘తక్కువ’ అంటే 55 కింద. ఇలా నిలిచే కేసులు కొద్దే. అలాగని లేనివారికి అసలు పడిపోదనడమూ తప్పే. తిండి లేకుండా ఇప్పసారా పట్టిస్తే కాలేయం కొత్త చక్కెర తయారు చేయలేదు. భద్రాచలం ఏజెన్సీలో ఏళ్లుగా పీడించిన ఫాల్సిపారం మలేరియా ముదిరినా, దానికి క్వినైన్ ఎక్కించినా గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది. మూర్ఛా మత్తూ జ్వరం వల్లేనని వదిలేస్తే అది దొరకదు. మరోవైపు, చాలాకాలం 300 దగ్గర ఉన్న షుగర్ మందులతో 120కి దిగితే కూడా కొందరికి ఇదే వణుకు వస్తుంది. అది నటన కాదు, శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడింది. అలాంటప్పుడు మీటర్ చూడకుండా ప్రతిసారీ పంచదార తినడం వైద్యాన్ని వెనక్కి లాగుతుంది.

వణుకే లేదు కాబట్టి షుగర్ బాగుందనుకోవడం వీటన్నిటికన్నా చెడ్డది. మాటిమాటికీ పడిపోతుంటే శరీరం హెచ్చరించడం తగ్గించేస్తుంది. పైగా గుబులుకని ఇచ్చే ప్రొప్రనలాల్ బిళ్ల దడనూ వణుకునూ అణిచేస్తుంది. చెమటను మాత్రం ఆపదు, దాన్ని నడిపే నరాల దారి వేరు. రెండు రకాల బిళ్లలూ వాడే మనిషికి చల్లటి వేళ చెమట పట్టినా, పొద్దున లేచేసరికి దుప్పటి తడిసి ఉన్నా, ముందు మీటర్ తీయాలి. అంకె తక్కువ వస్తే టైముతో సహా రాసిపెట్టి, వాడుతున్న బిళ్లలన్నీ సంచీలో వేసుకుని డాక్టరు ముందు పెట్టాలి. గుబులుకిచ్చిన బిళ్ల ఒక చీటీలో, షుగర్ బిళ్ల ఇంకో చీటీలో ఉంటే ఏ డాక్టరుకైనా సగం కథే తెలుస్తుంది.